సంచి ధరలో నిమిషాల లెక్క

సంగారెడ్డి జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి గారికి, జిల్లా మహిళా సమాఖ్య కార్యవర్గ సభ్యులకు బహిరంగ లేఖ

120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ చేతిసంచులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చాక, గుడ్డ సంచి కుట్టగలిగిన ప్రతి మహిళా సంఘానికీ ఒక కొత్త గిరాకీ కనిపించింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ వంటి చోట్ల ఈ గిరాకీకి మరో రూపం కూడా ఉంది. పండుగకు ఉద్యోగులకిచ్చే కానుకలకో, సమావేశాల్లో కాగితాలు పంచడానికో ఒక కంపెనీ వందా రెండు వందల సంచులు ఒక్కసారే అడుగుతుంది. అప్పుడు సంఘం ముందుకు వచ్చే మొదటి ప్రశ్న ‘ఎంతైతే తీసుకుంటారు’ అన్నదే. ఎదుటివారి ముఖం చూసి, బజారులో అలాంటి సంచి ఎంతకు దొరుకుతుందో గుర్తుచేసుకుని, ఆర్డరు చేజారుతుందేమోనన్న భయంతో ఇంకో పది తగ్గించి ఒక అంకె చెప్పడం జరుగుతుంది. ఆ అంకెకు సంచి తయారీతో సంబంధం లేదు. సంబంధం ఉండేలా చేయడానికి ఏమేమి లెక్కపెట్టాలి, ఎక్కడ లెక్క తప్పుతుంది, ఆ లెక్క ఎంతవరకు పనికొస్తుంది అన్నవి ఈ లేఖలో చర్చించే విషయాలు.

తెలుగు పాఠకులకు ఈ లెక్క మూలసూత్రం కొత్తది కాదు. ‘గిట్టుబాటు ధర’ అన్న మాటలోనే అది ఉంది. పంటల మద్దతు ధరను సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సాగు ఖర్చును మూడు మెట్లుగా చూస్తుంది. విత్తనాలు, ఎరువులు, కూలీల వంటివాటికి రైతు చేతి నుంచి నిజంగా ఖర్చయినదాన్ని ‘ఏ2’ అంటారు. దానికి కుటుంబ సభ్యుల శ్రమ విలువను కలిపితే ‘ఏ2+ఎఫ్ఎల్’ అవుతుంది. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ వంటివి కూడా కట్టి చేరిస్తే ‘సీ2’ అవుతుంది. స్వామినాథన్ కమిషన్ సిఫారసు చేసిన 50 శాతాన్ని వీటిలో దేనిపై కలపాలన్నది నేటికీ తెగని వివాదమే అయినా, ఇంటివారి శ్రమకు ఎవరూ కూలి చెల్లించకపోయినా అది ఖర్చేనన్న విషయంలో మాత్రం వివాదం లేదు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ, 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాల్లో, కుటుంబాల ఆదాయవ్యయాలతో పాటు ఇంటివారు పొలంలో పెట్టిన శ్రమను కూడా కొద్ది వారాలకొకసారి అడిగి నమోదు చేయించింది. అంతటి సంస్థ పక్కనే ఉన్న ఊళ్లలో సంచి కుట్టే మహిళ తన గంటలను ఖర్చు కింద రాసుకోకపోవడం ఒక వింత. ఆమె లెక్క ఇప్పటికీ ‘ఏ2’ దగ్గరే ఆగిపోయి ఉంది: గుడ్డకు ఇంత, దారానికి ఇంత, మిగిలినదంతా లాభం.

ఈ లెక్కను పూర్తిచేసి చూడటానికి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఇందులోని రేట్లు వివరణ కోసం వేసుకున్నవే గనుక, ఏ సంఘానికి ఆ సంఘం తన రేట్లు వేసుకోవలసి ఉంటుంది. మారకూడనిది లెక్క వేసే పద్ధతి. ముందువైపు 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, పక్కలకూ అడుగుకూ 4 అంగుళాల మందం ఉన్న కాన్వాసు సంచులు 200 కావాలని ఒక కంపెనీ అడిగిందనుకుంటే, మొదట తేలవలసినది ఒక్కో సంచికి పట్టే గుడ్డ. కుట్లకు అంగుళం కలిపితే ముక్క వెడల్పు 19 అంగుళాలు. రెండు వైపుల ఎత్తూ అడుగూ కలిసి 36 అంగుళాలు కాగా, పై మడతలకు 3 కలిపితే పొడవు 39 అంగుళాలు. బజారులో దొరికే కాన్వాసు పన్నా 58 అంగుళాలు ఉండి, అంచులు పోను 57 మిగిలితే, అడ్డంగా సరిగ్గా మూడు ముక్కలు పడతాయి. 39 అంగుళాలంటే దాదాపు ఒక మీటరే కాబట్టి మీటరుకు మూడు సంచులు వస్తాయి. మీటరు 150 రూపాయలైతే సంచికి 50, తానులో వచ్చే మరకలు, నేత లోపాల కింద నూటికి నాలుగు కలిపితే 52 రూపాయలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కంపెనీ మనిషి ‘ఇంకో అంగుళం వెడల్పు పెట్టండి’ అంటే, అంగుళమే కదా అని తల ఊపడం సహజం. కానీ ముక్క 20 అంగుళాలైతే 57 అంగుళాల పన్నాలో మూడు పట్టవు, రెండే పడతాయి. 200 సంచులకు దాదాపు 69 మీటర్లతో సరిపోయే గుడ్డ 103 మీటర్లకు పెరుగుతుంది, సంచికి పాతిక రూపాయలకు పైగా అదనంగా పడుతుంది. పక్కన మిగిలే 17 అంగుళాల పేలిక జేబులకో పట్టీలకో పనికిరావచ్చు గానీ, దాన్ని వాడే ఆర్డరు చేతిలో ఉంటే తప్ప ఆ మిగులు మిగులు కాదు. పన్నాను బట్టి కొలతను ముందే ఖరారు చేసి, ఆ తర్వాతే ధర చెప్పాలి. అందాజుగా చెప్పే ధరకు ఈ అంగుళం ఎన్నటికీ కనపడదు.

మిగిలిన సామగ్రి చిన్నదే. చేతిపట్టీలకు మీటరు 8 రూపాయల నవారు ఒకటింపావు మీటరు పడితే 10 రూపాయలు, కంపెనీ పేరు అచ్చువేయించడానికి 8, కట్టలు కట్టి పంపడానికి 2. దారం మీద మాత్రం అందరి దృష్టీ పడుతుంది. కుట్టు పొడవుకు సుమారు మూడింతల దారం పడుతుందనుకుంటే ఈ సంచికి 14 మీటర్లు చాలు. వెయ్యి మీటర్ల కండె 30 రూపాయలైతే అది అర్ధరూపాయి కూడా కాదు. అర్ధరూపాయి దగ్గర పొదుపు చేసి పాతిక రూపాయల దగ్గర చేయి జార్చుకోవడం లెక్క లేని చోటే జరుగుతుంది. మొత్తం సామగ్రి 72 రూపాయల 50 పైసలు.

రెండో భాగం శ్రమ. అసలు కష్టం ఇక్కడే ఉంది. ‘సంచికి ఎంతసేపు పడుతుంది’ అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ మిషను మీద కూర్చున్న సమయమే అవుతుంది. కర్మాగారాల్లో ఒక పనికి పట్టే సమయాన్ని గడియారం పెట్టి కొలిచి, కొలిచిన మనిషి వేగాన్ని సగటు వేగంతో సరిచూసి, నీళ్లు తాగడం, నడుము వాల్చడం, దారం తెగడం వంటివాటికి కొంత కలిపి ‘ప్రామాణిక సమయం’ నిర్ణయిస్తారు. సంఘం కూడా అదే చేయవచ్చు, పరికరాలేమీ అక్కరలేదు. మొదటి పది సంచులను వదిలేసి, చేయి తిరిగాక కుట్టిన సంచులను, వేగంగా కుట్టేవారినీ మధ్యస్థంగా కుట్టేవారినీ నిదానంగా కుట్టేవారినీ కలిపి కొలిస్తే సగటు తేలుతుంది. పొరలు పొరలుగా పరిచి కత్తిరిస్తే సంచికి 3 నిమిషాలు, పట్టీలతో సహా కుట్టడానికి 24, దారపు కొసలు తీయడం, తిరగేసి మూలలు పొడవడం, ఇస్త్రీ, తనిఖీ, మడత కలిపి 8. మొత్తం 35 నిమిషాలు వచ్చాయనుకుందాం. విరామాలకు 5 కలిపితే 40.

ఇక ఎవరి పుస్తకంలోనూ ఎక్కని సమయం ఒకటుంది. గుడ్డ తేవడానికి ఇద్దరు పటాన్‌చెరు నుంచి హైదరాబాదు బజారుకు వెళ్లివస్తే ఒక రోజు, అంటే 16 గంటలు. అచ్చు పనికి ఇచ్చి తేవడానికి, సరుకు దింపడానికి, కంపెనీ గేటు దగ్గర పాసు కోసం నిలబడటానికి, బిల్లు కోసం మళ్లీ వెళ్లడానికి ఇంకో 8 గంటలు. ఈ 24 గంటలను 200 సంచులకు పంచితే సంచికి 7 నిమిషాలు. ఆర్డరు 200 కాక 40 అయితే అవే 24 గంటలు సంచికి 36 నిమిషాలవుతాయి. చిన్న ఆర్డరుకు ఎక్కువ ధర అడగడం అత్యాశ కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ప్రస్తుత ఆర్డరులో శ్రమ మొత్తం 47 నిమిషాలు.

ఈ నిమిషానికి ఏ రేటు కట్టాలన్న ప్రశ్నకు పారిశ్రామికవాడలో జవాబు దూరంగా లేదు. అదే మహిళ కంపెనీ బస్సెక్కి ఒక ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తే రోజుకు వచ్చే కూలి ఒక కొలబద్ద. ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనం రెండో కొలబద్ద. కనీస వేతనంలోని కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి అక్టోబరులో ఒకసారి మారుతుంది కాబట్టి, సంఘం వాడే రేటు కూడా అప్పుడల్లా మారాలి. మూడేళ్ల కిందటి రేటుతో నేటి సంచికి ధర కట్టడం పాత చొక్కాకు తీసిన కొలతతో కొత్త చొక్కా కుట్టడమే. లెక్క సులువు కోసం రోజుకు 480 రూపాయలు అనుకుంటే గంటకు 60, నిమిషానికి ఒక రూపాయి. అంటే ఈ సంచిలో శ్రమ 47 రూపాయలు. ఇంటి దగ్గరే కుట్టుకుంటున్నారు గనుక, బస్సు ప్రయాణం తప్పింది గనుక తక్కువ రేటు చాలదా అన్న వాదన తరచుగా వినబడుతుంది. ప్రయాణం తప్పడం వల్ల కలిగిన ఆదా ఆ మహిళది. దాన్ని కొనేవారికి రాయితీగా మళ్లించడానికి కారణం కనబడదు.

మూడో భాగాన్ని లెక్కలవారు ‘ఓవర్‌హెడ్స్’ అంటారు. ఏ ఒక్క సంచికీ నేరుగా అంటగట్టలేని, అయినా సంచులన్నీ కలిసి మోయవలసిన పై ఖర్చులు ఇవి. గది కిరాయి నెలకు 3,500, కరెంటు 900, సూదులు, నూనె, మరమ్మతు 600, ఫోను, పుస్తకాలు 500, బ్యాంకు అప్పు వడ్డీ 700 అనుకుందాం. నాలుగు మిషన్లు ఒక్కొక్కటి 18,000 చొప్పున కొని ఉంటే, అవి ఆరేళ్లు నడుస్తాయనుకుంటే, మొత్తం 72,000లో నెలకు 1,000 రూపాయలు అరుగుదల కింద తీసిపెట్టాలి. మిషన్లు పథకం కింద ఉచితంగా వచ్చినా ఈ వెయ్యి తీసిపెట్టవలసిందే; ఆరేళ్ల తర్వాత పథకం మళ్లీ వస్తుందన్న హామీ ఏమీ లేదు కదా. మొత్తం నెలకు 7,200 రూపాయలు.

దీన్ని ఎన్ని గంటలతో భాగించాలన్న దగ్గర చాలా లెక్కలు బోల్తాపడతాయి. ఎనిమిది మంది రోజుకు ఐదు గంటల చొప్పున 24 రోజులు పనిచేసిన నిండు నెలలో 960 గంటలు పడతాయి, గంటకు ఏడున్నర రూపాయలు. ఆర్డర్లు లేని నెలలో 360 గంటలే పడితే గంటకు 20 రూపాయలు. అదే సంచికి దసరా ముందు 6 రూపాయల పై ఖర్చు, ఎండాకాలంలో 16 రూపాయల పై ఖర్చు వేస్తే, అసలే గిరాకీ లేని రోజుల్లో ధర పెంచి, ఉన్న ఒక్క ఆర్డరునూ పోగొట్టుకున్నట్టవుతుంది. అందుకే వ్యయ గణనలో ‘సాధారణ సామర్థ్యం’ అన్న ఊహ ఉంది: ఒక నెలను కాక, మామూలు ఏడాది మొత్తాన్ని చూడాలి. నాలుగు నిండు నెలలు, ఎనిమిది సన్న నెలలు కలిపితే ఏడాదికి 6,720 గంటలు; పై ఖర్చు 86,400 రూపాయలు; గంటకు 13 రూపాయలకు కొంచెం తక్కువ, 47 నిమిషాల సంచికి 10 రూపాయలు. పండుగ నెలలో ఎక్కువగా వచ్చిన పై ఖర్చు డబ్బును పంచుకోకుండా ఉంచితేనే ఎండాకాలం కిరాయి గడుస్తుంది. ఈ మాట లెక్కల పుస్తకంలో కంటే సంఘం సమావేశంలో చెప్పడం కష్టం.

కలిపి చూస్తే సామగ్రి 72.50, శ్రమ 47, పై ఖర్చులు 10, మొత్తం 129 రూపాయల 50 పైసలు. కంపెనీ మూడు నెలలకు గానీ డబ్బు ఇవ్వకపోతే నూటికి రూపాయి వడ్డీ చొప్పున మరో 4. సంఘం ఉద్యమ్ నమోదు చేసుకున్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజులు దాటించకూడదు; నమోదు చేసుకోవడం ఒక్క పూట పని గానీ దాన్ని గుర్తుచేసేవారే తక్కువ. తిరిగొచ్చే సంచులకు, కొత్త నమూనాలకు, రేపటి మిషనుకు నూటికి పది నిల్వగా కలిపితే ధర 147 రూపాయల దగ్గర తేలుతుంది.

ఇప్పుడు అందాజును దీని పక్కన పెట్టవచ్చు. 110 అయితే తీసుకుంటారేమో అనుకుని ఒప్పుకుంటే, 200 సంచులకు 22,000 రూపాయల చెక్కు వస్తుంది. సామగ్రికి పోయిన 14,500 తీసేస్తే 7,500 చేతిలో కనబడుతుంది, సంఘంలో సంతోషమే కనబడుతుంది. కానీ సంచికి మిగిలిన 37.50లో పై ఖర్చు 10, వడ్డీ 4 పోతే 23.50 మిగులుతుంది, అది 47 నిమిషాల కూలి. గంటకు 30 రూపాయలు, అంటే అనుకున్న రేటులో సరిగ్గా సగం. ఈ నష్టం ఎక్కడా నష్టంలా కనిపించదు. ఏ అప్పూ మిగలదు, ఏ పద్దూ తప్పదు. నలుగురిలో ఇద్దరు క్రమంగా మిషను వదిలి కంపెనీ బస్సెక్కుతారు, రెండో ఏడాది సూది కదలని మిషను మూలన పడుతుంది. సంఘంలో ‘ఆసక్తి తగ్గింది’ అని సమీక్షా నివేదికల్లో రాసే మాట వెనుక ఆ సగం కూలి ఉందేమో చూడవలసి ఉంది.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది; దాన్ని దాచడం న్యాయం కాదు. ఆ హద్దుకు ఉదాహరణ కూడా ఈ పారిశ్రామికవాడ గేట్ల లోపలే దొరుకుతుంది. పటాన్‌చెరు, బొల్లారం పరిసరాల్లోని మందుల కంపెనీల్లో నిర్ణీత టర్నోవరు దాటినవి, కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన నియమాల ప్రకారం సామగ్రి, ఉద్యోగులు, కరెంటు, పై ఖర్చుల పద్దులను వేరువేరుగా రాసి ఉంచుకోవాలి. 1995 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వులో చిల్లర ధరకు సూత్రం ఉండేది: ముడిసరుకు ఖర్చు, తయారీ ఖర్చు, ప్యాకింగ్ సామగ్రి, ప్యాకింగ్ కూలి కలిపి, దానిపై పంపిణీకీ లాభానికీ గరిష్ఠంగా నూటికి నూరు వరకు చేర్చి, ఎక్సైజు సుంకం కలపడం. 2013 ఉత్తర్వుతో ప్రభుత్వం ఆ దారి విడిచి, మార్కెట్లో నూటికి ఒకటైనా వాటా ఉన్న మందుల ధరల సగటు తీసి, చిల్లర వ్యాపారి వాటా కలిపి గరిష్ఠ ధర నిర్ణయించే పద్ధతికి మారింది. ఖర్చు లెక్కను ప్రభుత్వమే వదిలేసినప్పుడు సంఘాలకెందుకన్న ప్రశ్న రావచ్చు. తేడా ఒక్కటే: అక్కడ నిర్ణయించినది పైకప్పు, ఎవరూ దాటకూడని ధర, ఇక్కడ కావలసినది నేల, అంతకంటే కిందికి దిగకూడని ధర. పైకప్పును బజారు చెప్పగలదు. నేల ఎక్కడుందో కుట్టినవారి పుస్తకం తప్ప మరెవరూ చెప్పలేరు.

కాబట్టి 147 అన్నది కొనేవారి మీద రుద్దే అంకె కాదు. బజారు 125కు మించి ఇవ్వనంటే అప్పుడు లెక్క చేతిలో ఉన్నవారికి దారులు కనబడతాయి: అచ్చు రెండు రంగుల నుంచి ఒకటికి తగ్గించవచ్చు, పై మడతను ఒక్క కుట్టుతో సరిపెట్టవచ్చు, రెండు ఆర్డర్ల గుడ్డను ఒకే ప్రయాణంలో తేవచ్చు, లేదా ఆ ఆర్డరు వదిలేయవచ్చు. ఒకవేళ పని లేని నెలలో 125కే ఒప్పుకున్నా, నిల్వలోకి పోవలసిన డబ్బూ పై ఖర్చులో కొంతా వదులుకుంటున్నామని తెలిసి ఒప్పుకుంటారు. మరోవైపు, కొత్తగా నేర్చుకుంటున్నవారు సంచికి గంటన్నర తీసుకుంటే ఆ గంటన్నరనూ ధరలో వేయడం తప్పు. అది శిక్షణ ఖర్చు, దాన్ని శిక్షణ పద్దులోనే చూపాలి. గడియారం పెట్టి కొలవడంలోని మేలు ఇక్కడ రెండువైపులా పనిచేస్తుంది.

ఈ నేపథ్యంలో జిల్లా సమాఖ్యను కోరుతున్నవి రెండే. స్టాళ్లకో కంపెనీలకో వెళ్లే ప్రతి వస్తువుకూ సామగ్రి, నిమిషాలు, పై ఖర్చులు రాసిన ఒక పేజీ కాగితం ఉండాలి. పన్నాలో ముక్కలు ఎలా పడతాయో చూపే బొమ్మ కూడా అందులో గీసి ఉండాలి. ధర చెప్పే ముందు ఆ కాగితం చూసే అలవాటు మండల సమాఖ్యల్లో పడాలి. రెండోది ప్రభుత్వమే కొనుగోలుదారుగా ఉన్న పనికి సంబంధించినది. పాఠశాల విద్యార్థుల యూనిఫాంల కుట్టుపనిని సంఘాలకు అప్పగించిన రాష్ట్ర ప్రభుత్వం, జతకు 50 రూపాయలుగా ఉన్న కుట్టుకూలిని 2024లో 75కు పెంచింది. పెంపు మంచిదే, అయితే 75 అన్న అంకె నిమిషాల నుంచి వచ్చిందా, 50కి సగం కలపడం నుంచి వచ్చిందా అన్నది తేలవలసి ఉంది. పైన వేసుకున్న రేటు ప్రకారం 75 రూపాయలంటే, పై ఖర్చులు కలపకముందే, గంటా పావు పని. ఒక చొక్కా, ఒక నిక్కరు ఆ సమయంలో పూర్తవుతాయో లేదో సంగారెడ్డి, పటాన్‌చెరు మండలాల్లో పదిమంది చేత కుట్టించి, గడియారం పెట్టి కొలిచి, ఆ కాగితాన్ని జిల్లా కార్యాలయం గోడకు అంటించాలని కోరడమైనది. గుండీలు, కాజాల నిమిషాలు, కట్టలు తెచ్చి ఇచ్చే ఆటో కిరాయి ఆ 75లో చేరాయో, సంఘం జేబులోంచే పోతున్నాయో ఆ కాగితం మీద కనబడుతుంది.